నాన్న పాస్‌పోర్ట్‌కి 2,999 కట్టేశాను, ఇప్పుడు ఇంకో 1,500 అడుగుతున్నారు

గోదారిగట్టు | శనివారం, రాత్రి 9:40

నమస్తే అండి. మా నాన్నగారికి కొత్తగా పాస్‌పోర్ట్ తీయాలి. అక్క దుబాయ్‌లో ఉంటుంది, తనకి డెలివరీ టైమ్. అమ్మకి పాస్‌పోర్ట్ ఉంది, నాన్నకే లేదు. వాళ్ళుండేది భీమవరం దగ్గర పల్లెలో, నేను బెంగళూరులో.

బుధవారం ఆఫీసు నుంచి వచ్చి, అన్నం పొయ్యి మీద పెట్టి, ఫోన్‌లో passport apply online అని కొట్టాను. మొదట వచ్చినదాన్ని నొక్కాను. పైన మూడు సింహాల బొమ్మ, పక్కనే పాస్‌పోర్ట్ అట్ట ఫొటో, కింద మూడు రంగుల పట్టీ. ఫారం మొత్తం ఒక్క పేజీయే. పేరు, పుట్టిన తేదీ, ఫోన్, అడ్రస్ ఇస్తే సరిపోయింది. కుక్కర్ మూడో కూత రాకముందే పని అయిపోయింది. చివర్లో 2,999 చూపించింది, యూపీఐలో కట్టేశాను.

నిన్న ఒకతను ఫోన్ చేశాడు. "మీరు కట్టింది ప్రాసెసింగ్ ఛార్జీ. గవర్నమెంట్ ఫీజు 1,500 విడిగా కట్టాలి. ఈరోజు సాయంత్రంలోగా కట్టకపోతే ఫైల్ క్లోజ్ అయిపోతుంది" అన్నాడు. నాన్న ఆధార్, టెన్త్ సర్టిఫికెట్ వాట్సాప్‌లో పెట్టమన్నాడు. ఆధార్ పెట్టేశాను. నాన్న చదివింది ఏడో తరగతే, టెన్త్ సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తేను?

అప్పుడు అనుమానం వచ్చి సైటు మళ్ళీ తెరిచి అట్టడుగు వరకు వెళ్ళి చూశాను. బూడిద రంగు చిన్న అక్షరాల్లో "మేము ప్రైవేట్ కన్సల్టెన్సీ, ఏ ప్రభుత్వ శాఖతోనూ మాకు సంబంధం లేదు" అని ఇంగ్లిషులో ఉంది. ఆ 1,500 కట్టాలా వద్దా? కట్టకపోతే 2,999 కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

తాళంచెవి | 9:52

కంగారు పడకు తమ్ముడూ. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉందో లేదో చూడు. ఉంటే సైటు సేఫ్. చివర .in ఉంటే మన ఇండియా గవర్నమెంట్‌దే అవుతుంది. మొన్నీమధ్య పాస్‌పోర్ట్ ఫీజులు పెంచారేమో.

గోదారిగట్టు | 9:55

తాళం ఉంది అన్నా. చివర .in కూడా ఉంది. అందుకే నమ్మాను.

నెట్‌సెంటర్ బాబాయ్ | 10:20

బాబూ, ముందు ఆ 1,500 కట్టకు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

తాళంచెవి గారూ, ఏమీ అనుకోకండి. ఆ తాళానికి అర్థం మీ ఫోన్‌కీ ఆ సైటుకీ మధ్య నడిచే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని, అంతే. అవతల కూర్చున్నది దొంగో దొరో అది చెప్పదు. దొంగ సైటుకి కూడా ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది. ఇక .in అయితే ఎవరైనా కొనుక్కోవచ్చు, మా షాపు సైటు కూడా .in మీదే ఉంది. ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇచ్చేది gov.in. పాస్‌పోర్ట్‌కి అసలు సైటు passportindia.gov.in ఒక్కటే. ఫోన్‌లో అయితే mPassport Seva యాప్.

పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. వారానికి ఒకరిద్దరు నీలాగే రసీదు పట్టుకుని వస్తారు. నేను అడ్రస్ కూడా చూడను, ఒక్కటే అడుగుతాను: డబ్బు ఎప్పుడు అడిగింది? అసలు సైటులో ముందు మన ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. ఏ పాస్‌పోర్ట్ ఆఫీసు పరిధో ఎంచుకోవాలి. తర్వాత ఫారం. అది ఒక పేజీలో తేలేది కాదు. తల్లిదండ్రుల పేర్లు, పాత అడ్రస్, అత్యవసరానికి ఎవరిని పిలవాలి, మీద కేసులేమైనా ఉన్నాయా, ఇవన్నీ ఒక్కో పేజీగా అడుగుతుంది. అంతా నింపి సబ్మిట్ కొట్టాక ఏఆర్‌ఎన్ అనే నంబర్ వస్తుంది. ఆ తర్వాతే Pay and Schedule Appointment అని కనిపిస్తుంది. అంటే ఏ ఊళ్ళో ఏ కేంద్రానికి వెళ్తావో చెప్పకుండా అసలు సైటు నీ దగ్గర పైసా తీసుకోదు. నీ సైటు కేంద్రం ఎంచుకోమందా?

గోదారిగట్టు | 10:26

లేదండి. రాష్ట్రం, జిల్లా అడిగింది అంతే. భీమవరంలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉందని నాకు తెలుసు, అది ఎక్కడా కనబడలేదు. "మా వాళ్ళు ఫోన్ చేస్తారు" అని వచ్చింది.

నెట్‌సెంటర్ బాబాయ్ | 10:34

అదే మరి. నువ్వు నింపింది పాస్‌పోర్ట్ ఫారం కాదు, వాళ్ళకి నీ వివరాలు చేరవేసే చీటీ. ఇప్పుడు వాళ్ళలో ఒక కుర్రాడు అసలు సైటులో తన ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, నీ చీటీ చూసి ఫారం నింపుతాడు. నింపేశాడో లేదో తెలియాలి. అతన్ని ఏఆర్‌ఎన్ నంబర్, నింపిన ఫారం పీడీఎఫ్ అడుగు. డబ్బు సంగతి ఎత్తకు.

ఇంకో మాట. మీ నాన్నగారి వయసెంత?

గోదారిగట్టు | 10:37

64.

నెట్‌సెంటర్ బాబాయ్ | 10:45

అయితే ఆయన ఫీజు 1,500 కూడా కాదు. 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్ 1,500. అరవై దాటినవాళ్ళకి, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి కొత్త పాస్‌పోర్ట్ మీద పది శాతం తగ్గింపు ఉంది. అంటే 1,350. అసలు సైటులో Fee Calculator అని ఉంటుంది, లాగిన్ లేకుండానే చూసుకోవచ్చు. నీ దగ్గర 1,500 తీసుకుని అక్కడ 1,350 కట్టి, ఆ 150 కూడా జేబులో వేసుకుంటాడన్నమాట. ఆ కక్కుర్తి చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మొత్తం లెక్క వేసుకో. 2,999, 1,500 కలిపితే 4,499. అయ్యేది 1,350. పైన 3,149.

ఆటోనగర్ | 10:58

బ్రో, నాకూ సేమ్. లైసెన్స్ రెన్యువల్‌కి ఎంత అవుతుంది? ఆర్టీఏ చలానా అని వాట్సాప్‌లో ఒక ఫైల్ వచ్చింది, చివర .apk అని ఉంది. ఓపెన్ చేస్తే ఎంత కట్టాలో చూపిస్తుందా?

సర్వర్ రూమ్ | 11:03

ఆటోనగర్ గారూ, అది తెరవకండి, దయచేసి. ఇక్కడి విషయం వేరు, మీది వేరు. అది ఫోన్‌లోకి చొరబడే యాప్. ఎస్‌ఎంఎస్‌లు చదివి ఓటీపీలు లాగేస్తుంది. రవాణా శాఖ చలానాని వాట్సాప్‌లో యాప్‌గా పంపదు. ఇన్‌స్టాల్ చేసేసి ఉంటే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి కాల్ చేయండి.

ఆటోనగర్ | 11:05

చేయలేదు. డిలీట్ కొట్టేశా. థ్యాంక్స్.

సర్వర్ రూమ్ | 11:21

అడ్రస్ సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. gov.in అనే మాట అడ్రస్‌లో ఎక్కడో ఒకచోట కనిపిస్తే చాలనుకోకండి. ఇది చూడండి:

```
https://passportindia.gov.in.example.com/apply
https://www.passportindia.gov.in/apply
```

మొదటిది example.com వాళ్ళది. ముందున్న passportindia.gov.in అంతా వాళ్ళు తగిలించుకున్న తోక, కాకపోతే తోక ముందు వచ్చింది. చూడాల్సిన చోటు https:// తర్వాత వచ్చే మొదటి / గీటు. ఆ గీటుకి ఆనుకుని ఎడమ పక్క .gov.in ఉండాలి, ముందున్న చుక్కతో సహా. ఫోన్‌లో ఇంకో చిక్కుంది. బ్రౌజర్ పొడుగు అడ్రస్‌ని కత్తిరించి చూపిస్తుంది, కాబట్టి పైన అడ్రస్ మీద ఒకసారి నొక్కి మొత్తం చదవాలి.

మీకు వచ్చింది గూగుల్ ప్రకటన అయి ఉంటుంది. పైన Sponsored అని సన్నగా ఉంటుంది. ప్రకటన పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే ఆ ప్రకటన ఇచ్చినవాళ్ళ పేరు కనిపిస్తుంది, అక్కడి నుంచే రిపోర్ట్ చేయవచ్చు. కంప్యూటర్ టెర్మినల్‌లో ఇలా కొడితే డొమైన్ ఎప్పుడు కొన్నారో కూడా తెలుస్తుంది:

```
whois example.com
```

Creation Date దగ్గర చూడండి. గవర్నమెంట్ సైటని చెప్పుకునేది పోయిన నెలలో పుట్టి ఉంటే ఇంక అడగాల్సింది ఏముంది?

డల్లాస్ కోడలు | ఆదివారం, ఉదయం 6:15

మీరంతా gov.in లేకపోతే దొంగ సైటే అంటున్నారు కానీ అది అన్నిచోట్లా నడవదండి. ఇక్కడ అమెరికాలో మన పాస్‌పోర్ట్ రెన్యువల్ కోసం ఫారం భారత ప్రభుత్వ పోర్టల్‌లోనే నింపాలి, కానీ కాగితాలు ఇచ్చేది ప్రభుత్వం తరఫున వాటిని తీసుకునే వీఎఫ్‌ఎస్ అనే కంపెనీకి. వాళ్ళ సైటు vfsglobal.com. అది అసలుదే. మొదటిసారి నేను దాన్ని దొంగ సైటనుకుని రెండు వారాలు ఆగిపోయాను. మావారు తిట్టని తిట్టు లేదు.

చివరికి నేను పట్టుకున్న పద్ధతి ఏమిటంటే, ఎంబసీ సైటు indianembassyusa.gov.in తెరిచి, అందులో ఉన్న లింకు నుంచే వెళ్ళడం. గూగుల్‌లో మాత్రం వెతకను. మా పిల్లలు అమెరికన్ సిటిజన్లు. వాళ్ళ ఫ్రెండ్స్ ఫ్యామిలీ ఒకరు ఇండియా ఈ-వీసాకి ఇలాంటి సైటులోనే పడ్డారు. అసలుది indianvisaonline.gov.in. వీసా మాత్రం నిజంగానే వచ్చింది, డబ్బే రెండింతలు పైన అయింది. వీసా వచ్చింది కదా అని వాళ్ళు అది దొంగ సైటని ఈరోజుకీ ఒప్పుకోరు!

సర్వర్ రూమ్ | 8:40

కరెక్టండి, నేను మరీ గీత గీసేశాను. అంతదాకా ఎందుకు, మన ఏపీ రవాణా శాఖ సైటే కొన్నేళ్ళు aprtacitizen.epragathi.org మీద నడిచింది. gov.in లేదు, in కూడా లేదు. తర్వాత పరివాహన్‌కి మారింది. ప్రభుత్వమే ఇలా చేస్తే జనానికి ఏది నమ్మాలో ఎలా తెలుస్తుంది? gov.in ఉంటే నమ్మొచ్చు. లేకపోతే మాత్రం దొంగదని వెంటనే అనేయకుండా, ఒక gov.in సైటు నుంచి దానికి లింకు ఉందా అని చూడాలి. మీ పద్ధతే సరైనది.

గోదారిగట్టు | 11:10

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. ఏఆర్‌ఎన్ ఇచ్చాడు, పీడీఎఫ్ కూడా పంపాడు. ఫారం నిజంగానే అసలు సైటులో నింపారు. కానీ చూస్తే తల తిరిగింది.

నాన్న పేరు దగ్గర ఇంటిపేరు "K" అని ఒక్క అక్షరం పెట్టారు. పుట్టిన ఊరు భీమవరం అన్నారు, అది తప్పు, నాన్న పుట్టింది ఆయన అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో. అత్యవసర కాంటాక్ట్‌లో నాకు తెలియని ఫోన్ నంబర్. Non-ECR దగ్గర No అని ఉంది. ఈమెయిల్ ఎవరిదో. డబ్బు మాత్రం ఇంకా కట్టలేదు, అపాయింట్‌మెంట్ లేదు.

తాళంచెవి | 11:18

ఈసీఆర్ పడితే మీ నాన్నని దుబాయ్ విమానం ఎక్కనివ్వరు! మా పెదనాన్న కొడుకుని శంషాబాద్‌లో ఆపేశారు.

నెట్‌సెంటర్ బాబాయ్ | 12:05

తాళంచెవి గారి మాటలో సగం నిజం ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు గల్ఫ్ లాంటి 18 దేశాలకి ఉద్యోగం మీద వెళ్తే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. కూతుర్ని చూడటానికి విజిట్ వీసా మీద వెళ్ళేవాళ్ళకి అక్కర్లేదు. మీ అన్నయ్య పని మీద వెళ్ళి ఉంటాడు. అయినా ఈ పెద్దాయనకి ఈసీఆర్ పడాల్సిన పనే లేదు. టెన్త్ పాసైతేనే నాన్-ఈసీఆర్ అని చాలామంది అనుకుంటారు. యాభై ఏళ్ళు దాటితే చదువుతో సంబంధం లేకుండా వస్తుంది. ఆ కుర్రాడికి అది తెలియదు. అందుకే నిన్ను టెన్త్ సర్టిఫికెట్ అడిగాడు.

ఇంటిపేరు సంగతి మన తెలుగువాళ్ళందరికీ పట్టిన పీడ. ఆధార్‌లో కె అని ఉంటే దాన్ని అలాగే దించేస్తారు. పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరాలు ఒప్పుకోరు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. మనూళ్ళో పక్కన కూర్చుని ఫారం నింపే ఏ కుర్రాడైనా "కె అంటే ఏంటండీ?" అని అడుగుతాడు. ఎక్కడో కూర్చుని రోజుకి వంద ఫారాలు కొట్టేవాడికి కె అంటే కె.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది: ఆ ఏఆర్‌ఎన్ వదిలెయ్. డబ్బు కట్టనిది కాబట్టి అక్కడే పడి ఉంటుంది. నీ ఈమెయిల్‌తో కొత్త ఖాతా తెరిచి కొత్తగా నింపు.

ఓరుగల్లు పిల్ల | 12:30

నాది కొంచెం వేరే డౌట్. నేను తత్కాల్ పెట్టిన. సైటులో 1,500 కట్టిన, మళ్ళీ 2,000 కట్టాలంటున్నరు. నాది కూడా ఫేకేనా? రాత్రంతా నిద్ర పట్టలే.

నెట్‌సెంటర్ బాబాయ్ | 12:41

అమ్మా, నువ్వు హాయిగా పడుకో. తత్కాల్‌లో రెండుసార్లు కట్టడం నిజమే. మొదటి 1,500 అపాయింట్‌మెంట్‌కి ఆన్‌లైన్‌లో. మిగతా 2,000 ఎవరికీ ఫోన్‌లో పంపేది కాదు, నువ్వు సేవా కేంద్రానికి వెళ్ళి టోకెన్ తీసుకున్నాక అక్కడే కట్టాలి. నిన్ను ఎవరు అడిగారు?

ఓరుగల్లు పిల్ల | 12:44

ఎవరూ ఫోన్ చెయ్యలే. సైటులోనే రాసి ఉంది, కేంద్రంల కట్టాలని. passportindia.gov.in అనే ఉంది. హమ్మయ్య!

కౌంటర్ 3 | 3:15

నేను బ్యాంకులో పని చేస్తాను, డబ్బు వైపు నుంచి చెప్తాను. గోదారిగట్టు గారూ, మీకు నచ్చని మాటే చెప్పాలి. మీకు తెలియకుండా ఖాతా నుంచి డబ్బు పోతే మూడు పనిదినాల్లోగా బ్యాంకుకి చెప్తే కస్టమర్ మీద భారం పడదని ఆర్‌బీఐ 2017లో రూలు పెట్టింది. మీది అందులోకి రాదు. పిన్ కొట్టింది మీరే. పైగా వాళ్ళు "ప్రైవేట్ కన్సల్టెన్సీ" అని రాసి పెట్టుకున్నారు, ఫారం నింపి ఏఆర్‌ఎన్ కూడా తెచ్చారు. సర్వీసు ఇచ్చాం అంటారు. పూర్తిగా డబ్బు మింగి మాయమయ్యే దొంగకన్నా వీళ్ళని పట్టుకోవడం కష్టం.

అయినా ఊరుకోవద్దు. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిచి ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఏ పేమెంట్ గేట్‌వే ద్వారా వెళ్ళిందో రసీదులో ఉంటుంది, వాళ్ళకీ మెయిల్ పెట్టండి. దుకాణాదారుని చేర్చుకునేటప్పుడు వాళ్ళ దగ్గర కాగితాలు తీసుకునేది ఆ గేట్‌వేనే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, cybercrime.gov.in లో కూడా నమోదు చేయండి. ఫిర్యాదులో "మోసపోయాను" అని ఊరికే రాయకండి. జాతీయ చిహ్నం వాడారు, ప్రభుత్వ ఫీజు అని చెప్పి 1,500 అడిగారు, అసలు ఫీజు 1,350 అని రాయండి. ఆ చిహ్నం వాడటం మీద 2005 నాటి చట్టమే ఉంది. ఇవాళే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మెయిల్ అందాక సైటులో సింహాల బొమ్మ ఉండదు.

సందేహాల్రావు | 3:40

నాకు ఒకటి అర్థం కాదు. నెట్‌సెంటర్ బాబాయ్ కూడా ఫారానికి డబ్బు తీసుకుంటాడుగా? మా ఊళ్ళో 500 తీసుకుంటారు. వాడు ఇంటర్నెట్‌లో తీసుకుంటే దొంగ, ఈయన షాపులో తీసుకుంటే సేవా?

నెట్‌సెంటర్ బాబాయ్ | 4:20

మంచి ప్రశ్నే అడిగారు, తప్పించుకోను. కామన్ సర్వీస్ సెంటర్ల ద్వారా పాస్‌పోర్ట్ ఫారం నింపడం 2014లో మొదలైనప్పుడు ఫారానికి 100 రూపాయలని పెట్టారు. నేను 200 తీసుకుంటాను, ప్రింట్లు, స్కాన్ కలిపి. 500 తీసుకునేవాళ్ళు ఉన్నారు, కాదనను. అది ఎక్కువే.

కానీ నా బోర్డు మీద మూడు సింహాలు ఉండవు. నా 200 ఎంతో, ప్రభుత్వం 1,500 ఎంతో విడివిడిగా చెప్తాను, గవర్నమెంట్ రసీదు చేతికిస్తాను. ఖాతా కస్టమర్ ఈమెయిల్‌తోనే తెరుస్తాను, పాస్‌వర్డ్ ఆయనే పెట్టుకుంటాడు. ఈ ఆఖరి మాటే ముఖ్యం. డేట్ మార్చుకోవాలన్నా, రసీదు మళ్ళీ తీయాలన్నా ఆ లాగిన్ కావాలి. లాగిన్ వాడి చేతిలో ఉంటే డేట్ మార్చిన ప్రతిసారీ వాడికి ఇంకో 500. ఆ సైట్ల అసలు ఆదాయం అక్కడే ఉందని నా అనుమానం.

సందేహాల్రావు | 4:31

సరే, ఒప్పుకుంటున్నా. కానీ మీలా అందరూ లేరు. మా ఊరి ఆయన తన ఈమెయిల్‌తోనే తెరుస్తాడు, ముప్ఫై మందివి ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి.

నెట్‌సెంటర్ బాబాయ్ | 4:33

అదీ నిజమే.

కృష్ణలంక | 5:50

అందరూ తిడుతున్నారు గానీ మా బావగారికి ఇలాంటి సైటువాళ్ళే నాలుగు రోజుల్లో స్లాట్ ఇప్పించారు. మామూలుగా చూస్తే నెల రోజుల తర్వాత చూపించింది. డబ్బు పోయినా పని జరిగింది కదా?

సర్వర్ రూమ్ | 6:12

స్లాట్లలో ప్రైవేట్ వాళ్ళకి కోటా ఏదీ లేదండి. మీకు కనిపించే స్లాట్లే వాళ్ళకీ కనిపిస్తాయి. కొత్తవి వదిలే సమయానికి వాళ్ళు స్క్రీన్ ముందు కూర్చుంటారు, ఎవరైనా రద్దు చేసుకుంటే అది పట్టుకుంటారు. మనం రాత్రి పదకొండుకి అన్నం తిని చూస్తాం. లాగిన్ లేకుండానే Check Appointment Availability లో ఏ కేంద్రంలో ఏ తేదీ ఉందో చూడొచ్చు. పక్క ఊరి పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రంలో ముందు డేట్ దొరికే అవకాశం ఉంటుంది.

గోదారిగట్టు | పదమూడు రోజుల తర్వాత

అందరికీ అప్‌డేట్ ఇస్తానని అనుకుని ఆలస్యం చేశాను, సారీ.

ఆదివారం రాత్రే కూర్చుని నా ఈమెయిల్‌తో కొత్త ఖాతా తెరిచి, నాన్నని వీడియో కాల్‌లో పెట్టుకుని ఫారం నింపాను. గంటన్నర పట్టింది. "మీ అమ్మగారి పేరు ఆధార్‌లో ఎలా ఉంది" దగ్గరే ఇరవై నిమిషాలు పోయాయి. డబ్బు కట్టే దగ్గర ఫీజు 1,350 అని చూపించింది. బాబాయ్ గారూ, ఆ అంకె చూడగానే మీరే గుర్తొచ్చారు. పాత ఏఆర్‌ఎన్ ఏమీ అడ్డం రాలేదు.

నిన్న నాన్న భీమవరం వెళ్ళొచ్చారు. ఆధార్, పాన్ ఒరిజినల్స్ పట్టుకెళ్ళారు. రెండింటిలో పుట్టిన తేదీ ఒకటే ఉందని ముందే చూసుకున్నాం. ప్రింట్ తీసుకెళ్ళలేదు, ఎస్‌ఎంఎస్ చూపిస్తే లోపలికి పంపారు. A కౌంటర్లో ఫొటో, వేలిముద్రలు తీసుకున్నాక అమ్మాయి స్క్రీన్ తిప్పి "పేరు, ఊరు సరిగ్గా ఉన్నాయా, చదవండి తాతగారూ" అందట. నాన్న కళ్ళజోడు మర్చిపోయారు. పక్కన కూర్చున్న కుర్రాడు చదివి పెట్టాడు. ఇంటిపేరు పూర్తిగానే పడింది. తర్వాత B, C కౌంటర్లు. గంటలోపు బయటికి వచ్చేశారు. ఇంక పోలీస్ వెరిఫికేషన్ రావాలి.

ఆ 2,999 మాత్రం ఇంకా రాలేదు. ఫైల్ క్లోజ్ అయిపోతుందన్న మనిషి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి 1,500 కాస్తా 999కి తగ్గింది, బేరం ఆడుతున్నాడన్నమాట. సైబర్‌క్రైమ్‌లో ఫిర్యాదు నంబర్ వచ్చింది. గేట్‌వేకి మెయిల్ పెట్టాను. వాళ్ళు సైటువాళ్ళని అడిగితే "సర్వీసు ఇచ్చాం" అని ఆ తప్పుల ఫారమే సాక్ష్యంగా పంపారట, కె అక్షరంతో సహా. కౌంటర్ 3 గారు అచ్చం అదే చెప్పారు. సింహాల బొమ్మ కూడా సైటులో ఇప్పుడు లేదు.

మొత్తం ఎంతయిందని నాన్న అడిగారు. 1,350 అని చెప్పాను.

కౌంటర్ 3 | అదే రోజు, రాత్రి

వాళ్ళు సాక్ష్యంగా పంపిన ఫారంలోనే మీకు పాయింట్ ఉంది. అందులో అత్యవసర కాంటాక్ట్ మీకు తెలియని నంబర్, ఈమెయిల్ మీది కాదు. మీరు ఇచ్చిన వివరాలతో నింపలేదని దాన్నే చూపించి గేట్‌వేకి మళ్ళీ రాయండి, ఫిర్యాదు నంబర్ జత చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పండి. నాన్నగారి ఆధార్ వాళ్ళ వాట్సాప్‌లో ఉంది కాబట్టి బయోమెట్రిక్ లాక్ చేశారా?

గోదారిగట్టు | 10:02

చేయలేదండి. ఇప్పుడే చేస్తాను. ఓటీపీ నాన్న ఫోన్‌కి వెళ్తుంది, ఆయన పడుకున్నారు. రేపు పొద్దున్నే.